గుంపులో ఉన్నవాళ్ళందరికీ హత్య కేసేనా? ఉమ్మడి ఉద్దేశం, కుట్రలపై అపోహలు - వాస్తవాలు

సెషన్స్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదించే నాకు జైలు ములాఖత్‌లో అందరికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే: "సార్, నేను కొట్టలేదు. అక్కడ ఉన్నానంతే." బయట ఎదురుచూసే ఇంటివాళ్ళ ప్రశ్న ఇంకోటి: "కొట్టింది వాడైతే మావాడికి 302 ఎందుకు పెట్టారు?" చార్జిషీటులో హత్య సెక్షన్ పక్కనే "రెడ్ విత్ 34" అని, అంటే పాత ఐపీసీలోని 34వ సెక్షన్‌తో కలిపి అని, రాసి ఉంటుంది. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకైతే భారతీయ న్యాయ సంహితలోని 3(5) అని ఉంటుంది. అంకె మారినా సూత్రం మారలేదు. అనేకమంది తమ అందరి ఉమ్మడి ఉద్దేశాన్ని నెరవేర్చడానికి ఒక నేరం చేస్తే, ప్రతి ఒక్కరూ ఆ పనిని ఒంటరిగా చేసినట్టే బాధ్యులు. ఇందులో "ఉమ్మడి" అన్న మాట మీదే మనుషుల జీవితాలు తేలిపోతాయి. దాని చుట్టూ ఉన్న అపోహలు కూడా అంత గట్టివే.

అపోహ: అందరూ ఒకేసారి మీదపడి కొడితే అందరికీ ఉమ్మడి ఉద్దేశం ఉన్నట్టే.

వాస్తవం: కాదు. దీన్ని తేల్చిన తీర్పుల్లో ముఖ్యమైనది మన పక్కనుంచే వచ్చింది. పాండురంగ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్, సుప్రీంకోర్టు, 1954. సంఘటన 1950లో, అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో జరిగింది. ఒక రైతు తన పొలానికి వెళ్ళాడు. దగ్గర్లోని ఏటి ఒడ్డున అతని మీద ఐదుగురు పడ్డారు. ముగ్గురి చేతుల్లో గొడ్డళ్ళు, ఇద్దరి చేతుల్లో కర్రలు ఉన్నాయి. అరుపులు విని సాక్షులు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు కేకలు వేయగానే ఐదుగురూ పారిపోయారు, రైతు చనిపోయాడు. సెషన్స్ కోర్టు ఐదుగురికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు న్యాయమూర్తుల్లో ఏకాభిప్రాయం కుదరలేదు. ముగ్గురి అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

తీర్పు రాసిన జస్టిస్ వివియన్ బోస్ ఈ దృశ్యాన్ని ముక్కలుగా విడదీసి చూశారు. దాడికి ముందు ఈ ఐదుగురు ఎక్కడైనా కలిశారా? సాక్ష్యం లేదు. దాడికి క్షణం ముందైనా ఒకరితో ఒకరు ఏమైనా అన్నారా? అదీ తెలియదు. వాళ్ళందరూ ఒకే కులంవాళ్ళు కూడా కారు. కలిసి పారిపోయారు కదా అంటే, ఎవరో అరిస్తే ఎవరి భయం కొద్దీ వాళ్ళు పరుగెత్తుతారు, ఆ పరుగు ముందస్తు ఒప్పందానికి రుజువు కాదు. రైతును చంపాలని ఐదుగురూ అనుకుని ఉండవచ్చు. కానీ ఎవరికి వారు విడివిడిగా అనుకుంటే అది ఒకేలాంటి ఉద్దేశం అవుతుంది గాని ఉమ్మడి ఉద్దేశం కాదు. మనసులు ముందుగా కలవాలి. ఈ రెంటి మధ్య గీత సన్నంగా ఉంటుంది కానీ నిజంగా ఉంటుంది, దాన్ని చెరిపేస్తే న్యాయం తప్పిపోతుందని ఆయన హెచ్చరించారు. సింధు నది ఒడ్డున జరిగిన మహబూబ్ షా కేసులో, బ్రిటిష్ కాలంలో మన చివరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1945లో గీసిన గీత కూడా ఇదే.

ఉమ్మడి ఉద్దేశం రుజువు కాకపోతే ఎవరి దెబ్బకు వారే జవాబుదారీ. గొడ్డలితో కొట్టిన ముగ్గురిలో ఇద్దరి దెబ్బలు ప్రాణాంతకమని తేలడంతో వాళ్ళ హత్యానేరం నిలిచింది, ఉరి మాత్రం యావజ్జీవ ద్వీపాంతర శిక్షగా మారింది. పాండురంగ్ దెబ్బ వల్లే ప్రాణం పోయిందని రుజువు కాలేదు. అతని మీద హత్యానేరం కొట్టేసి, ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్రంగా గాయపరచినందుకు 326 కింద పదేళ్ళు వేశారు. ఒకే ఏటి ఒడ్డు, ఒకే ఘటన, చేతిలో ఒకేరకం ఆయుధం. మనసులు కలిశాయా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆ మనిషి ఉరికంబం నుంచి పదేళ్ళ జైలుకు వచ్చాడు.

దీన్నిబట్టి ఉమ్మడి ఉద్దేశం ఎప్పుడూ ముందురోజు రాత్రే పుట్టాలని అనుకోకండి. ఘటనా స్థలంలో, క్షణాల్లో కూడా పుట్టవచ్చని అదే తీర్పు ఒప్పుకుంది. ఒకడు "పట్టుకోండిరా, వదలొద్దు" అనగానే ఇద్దరు చేతులు విరిచి పట్టుకుని, మూడోవాడు పొడిచేదాకా వదలకపోతే, పథకం పుట్టడానికి ఆ ఒక్క క్షణం చాలు. కాకపోతే అలాంటిదేదో జరిగినట్టు మాట, చేత, ఆయుధం, వచ్చిన తీరు, వెళ్ళిన తీరు కలిసి చెప్పాలి. అందుకే నేను సాక్షుల వాంగ్మూలాల్లో మొదట వెతికేది ఎవరు ఎక్కడ కొట్టారన్నది కాదు. కొట్టడానికి ముందు ఎవరు ఏమన్నారు, మొదటి దెబ్బ పడ్డాక మిగతావాళ్ళు ఆగారా, దగ్గరికి వచ్చారా అన్నదే వెతుకుతాను. ఎఫ్‌ఐఆర్‌లో లేని "చంపేయండి" అన్న కేక నెలల తర్వాతి వాంగ్మూలంలో కొత్తగా కనిపిస్తే, క్రాస్ ఎగ్జామినేషన్ అక్కడే మొదలవుతుంది.

అపోహ: చెయ్యి వేయకపోతే బాధ్యత లేదు.

వాస్తవం: ఉమ్మడి ఉద్దేశం రుజువైతే చెయ్యి వేయాల్సిన పనే లేదు. 1923 ఆగస్టు 3న కలకత్తా శంకరీటోలా పోస్టాఫీసులోకి కొందరు పిస్టళ్ళతో వచ్చి డబ్బు అడిగారు, పోస్టుమాస్టర్‌ను కాల్చి చంపారు. తర్వాత తరిమితే పట్టుబడిన బరేంద్ర కుమార్ ఘోష్ తాను బయట నిలబడ్డానే తప్ప కాల్చలేదన్నాడు. అతని మాట నిజమే అనుకున్నా బాధ్యత తప్పదని 1925లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. లోపల డబ్బు దోచడానికి, బయట కాపలాకు మనుషులను పంచుకున్నప్పుడు, బయట నిలబడటం కూడా ఆ పనిలో భాగమే.

అయితే నిలబడిన ప్రతివాళ్ళూ కాపలాదారులు కారు. సురేశ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఉత్తరప్రదేశ్ (2001) కేసులో సొంత అన్నదమ్ముల మధ్య నేల తగాదా ఒక కుటుంబాన్నే తుడిచిపెట్టింది. నరికినవారిలో ఒకరి భార్య ఆ రాత్రి బయట దారి మీద ఉంది. ఆమె కూడా ముద్దాయే. ఆమె ఎవరినీ అడ్డగించలేదు, ఎవరినీ ఉసిగొల్పినట్టు తేలలేదు, చేతిలో ఆయుధం లేదు. అక్కడ ఉండటం ఒక్కటే రుజువైంది, ఆమె నిర్దోషిత్వం నిలిచింది. ఒక పనిని కావాలని చేయకుండా ఊరుకోవడం కూడా "చేయడం" కిందికి రావచ్చని కోర్టు అంగీకరించింది. కానీ ఆ ఊరుకోవడం కూడా ఉమ్మడి ఉద్దేశంలో భాగమని ప్రాసిక్యూషనే చూపాలి.

అపోహ: ఉమ్మడి ఉద్దేశం అన్నా కుట్ర అన్నా ఒకటే.

వాస్తవం: ఈ పొరపాటు లాయర్ల డ్రాఫ్టుల్లోనూ కనిపిస్తుంది. రెండింట్లోనూ మనసులు కలవడం ఉంది కాబట్టి ఇది సహజమే. కానీ ఉమ్మడి ఉద్దేశం ఒక నేరం పేరు కాదు. దానికి విడిగా శిక్ష లేదు, జరిగిన నేరానికి ఎవరెవరు బాధ్యులో చెప్పే సూత్రం మాత్రమే. కుట్ర అలా కాదు. అది తనంతట తానే నేరం. 1913లో 120ఏ, 120బీలుగా ఐపీసీలోకి వచ్చింది, ఇప్పుడు న్యాయ సంహితలో 61వ సెక్షన్. నేరం చేయాలని ఇద్దరు ఒప్పుకున్న క్షణానే అది పూర్తయిపోతుంది.

పాండురంగ్ కేసునే కొంచెం మార్చి చూద్దాం. ఇక్కడినుంచి నేను ఊహిస్తున్నాను. ఆ ఐదుగురు ముందురోజు రాత్రి ఒక ఇంట్లో కూర్చుని రైతును చంపాలని ఒప్పుకున్నారు. తెల్లారకముందే పోలీసులు పట్టుకున్నారు. రైతుకు గీత కూడా పడలేదు. అప్పుడు 3(5)కు పనే లేదు, బాధ్యత పంచడానికి జరిగిన నేరమే లేదు కాబట్టి. అయినా కుట్ర నేరం నిలుస్తుంది. హత్యకు ఉరి దాకా శిక్ష ఉంది కాబట్టి, ఆ కుట్రకు శిక్ష హత్యను ప్రేరేపించినవాడికి పడే లెక్కలో ఉంటుంది.

ఇప్పుడు ఆరోవాడిని తీసుకొద్దాం. ఆ రాత్రి ఒప్పందంలో ఉన్నాడు, గొడ్డళ్ళు ఇచ్చాడు, ఉదయం ఇంట్లోనే పడుకున్నాడు. ఏటి ఒడ్డున హత్య జరిగింది. అతని మీద కుట్ర, ప్రేరేపణ రెండూ సూటిగా వస్తాయి. 3(5) మాత్రం అంత తేలిగ్గా రాదు. ఆ సూత్రానికి నేరం చేయడంలో ఏదో ఒక పాలుపంచుకోవడం కావాలి, శారీరక దాడుల్లో సాధారణంగా అది ఘటనా స్థలం దగ్గరే కనిపిస్తుంది. లెక్కల తారుమారు, నమ్మకద్రోహం వంటి నేరాల్లో అక్కడే ఉండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. తర్వాతి తీర్పులు దూరం ఒక్కటే రక్షణ కాదన్నాయి. అయినా ఇంట్లో పడుకున్నవాడికి కుట్ర సెక్షన్ పెట్టకుండా 34తోనే సరిపెట్టిన చార్జిషీటు బలహీనమైనదే.

ఇంకో పక్క, రాత్రి ఒప్పందమే లేదు, ఏటి ఒడ్డున "వదలొద్దు" అన్న కేకతో ఐదుగురు ఒక్కటయ్యారనుకోండి. ఇక్కడ ప్రాసిక్యూషన్‌కు 3(5) ఉంటే చాలు, కుట్ర అనవసరం. ఐదుగురు అనగానే చట్టవ్యతిరేక సమూహం సెక్షన్, అంటే పాత 149, ఇప్పటి 190 కూడా గుర్తొస్తుంది. అక్కడ చూసేది ఉమ్మడి ఉద్దేశం కాదు, సమూహం లక్ష్యం. నేరం జరిగిన సమయంలో అందులో సభ్యుడై ఉండటమే కొలత. మనసులు ముందుగా కలిశాయని చూపక్కర్లేదు, కానీ ఐదుగురికి తగ్గకూడదు.

అపోహ: కుట్రలో పేరుంటే అందులో జరిగినవన్నీ మెడకు చుట్టుకుంటాయి. మొదటి ముద్దాయి ఒప్పుకోలు చాలు.

వాస్తవం: కుట్రలో ఒకరి మాట మరొకరి మీద సాక్ష్యం కావచ్చు, ఇది నిజం. పాత సాక్ష్య చట్టం 10వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 8వ సెక్షన్ అందుకే ఉన్నాయి. కానీ ముందు కుట్ర ఉందని నమ్మడానికి తగిన ఆధారం కావాలి. ఆ మాట కుట్ర నడుస్తుండగా అన్నదై ఉండాలి. పని అయిపోయి, పట్టుబడి, స్టేషన్‌లో పంచనామా మీద ఇచ్చిన "ఒప్పుకోలు" ఆ సెక్షన్ కిందికి రాదు. ప్రివీ కౌన్సిల్ 1940లో మీర్జా అక్బర్ కేసులోనే ఈ సంగతి తేల్చింది. ఫోన్ కాల్ డేటా చూపి "రోజూ మాట్లాడుకున్నారు" అనే ప్రాసిక్యూషన్లు ఎక్కువయ్యాయి. కాల్స్ పరిచయాన్ని చూపిస్తాయి. ఒప్పందాన్ని చూపాలంటే వాటి సమయం, ఆ తర్వాత జరిగిన కదలికలు, డబ్బు, ఆయుధం ఒకే దిక్కు చూపాలి.

రాజీవ్ గాంధీ హత్య కేసులో ట్రయల్ కోర్టు 26 మందికి ఉరి వేసింది. 1999లో సుప్రీంకోర్టు నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం ఉంచి, మిగతా 19 మందిని కుట్ర, హత్య అభియోగాల నుంచి తప్పించింది. హత్య తర్వాత ఆశ్రయమివ్వడం తప్పే, కానీ అది వేరే నేరం. హత్యకు ఒప్పుకున్నట్టు దానితో రుజువు కాదు. పార్లమెంటుపై దాడి కేసులో 2005 తీర్పు ఇంకో అడుగు ముందుకెళ్ళింది. కుట్రదారులు ఒకరికొకరు ఏజెంట్లు కాబట్టి, తాము పాల్గొనని హత్యకు కూడా ప్రతి ఒక్కరినీ నేరుగా హంతకులుగా శిక్షించవచ్చన్న వాదనను తోసిపుచ్చింది. వాళ్ళను శిక్షించాల్సింది కుట్ర నేరానికి, లేదా ప్రేరేపణ రుజువైతే దానికి.

అపోహ: మిగతావాళ్ళు విడుదలైనా ఒక్కడిని 34తో శిక్షించవచ్చు.

వాస్తవం: ఇది చిన్న సంగతే గానీ అప్పీళ్ళలో పనికొస్తుంది. కృష్ణ గోవింద్ పాటిల్ కేసులో (1963) నలుగురు ముద్దాయిలు. హైకోర్టు ముగ్గురిని విడుదల చేసి, నాలుగోవాడిని మాత్రం ఆ ముగ్గురిలో ఎవరితోనో కలిసి చంపాడంటూ శిక్షించింది. సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. చార్జిషీటులో పేర్లున్నవాళ్ళు తప్ప వేరే ఎవరూ లేరన్నది ప్రాసిక్యూషన్ కథే అయినప్పుడు, విడుదలైన మనిషితో ఉద్దేశం పంచుకున్నాడనడం కుదరదు. గుర్తుతెలియని మరికొందరు ఉన్నారని సాక్ష్యం మొదటినుంచీ చెబుతుంటే పరిస్థితి వేరు. అందుకే ఇలాంటి అప్పీలు చేతికొస్తే ఎఫ్‌ఐఆర్‌లో "మరికొందరు" అన్న మాట ఉందో లేదో ముందు చూడాలి.