దిశ ఉన్న గ్రాఫ్‌కు ప్రిమ్ సరిపోదు: అర్బోరెసెన్స్ మీద అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి. "అక్కా, నేను పంపిన ఎస్టిమేట్‌లో 12 లక్షలని ఉంది. సైట్ ఇంజినీర్ గారు అదే ప్లాన్‌ను చేత్తో లెక్కేస్తే 24 వస్తోందట. పొద్దున్నే మీటింగ్ ఉంది, నాకు చాలా టెన్షన్‌గా ఉంది" అన్నాడు. గొంతు వణుకుతోంది.

ప్రోగ్రామ్‌లో ఏ ఫంక్షన్ వాడావని అడిగాను. పేరు చెప్పగానే తప్పెక్కడుందో తెలిసిపోయింది. నీటి పైపులైన్ల లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ మీద ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను, దిశ ఉన్న గ్రాఫ్‌కు దిశ లేని పద్ధతి వాడే ఈ తప్పు ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. శనివారాలు అమీర్‌పేటలో ఇంటర్వ్యూలకు చదివే పిల్లలకు పాఠం చెబుతాను, అక్కడా ఇదే. అందుకే రాస్తున్నాను.

అపోహ: దిశ ఉన్న గ్రాఫ్‌లో రూట్ నుంచి అన్ని నోడ్‌లకూ చేరే అతి చవక ట్రీకి, అంటే అర్బోరెసెన్స్‌కు కూడా ప్రిమ్ అల్గారిథమ్ చాలు, బయటికి వెళ్లే ఎడ్జ్‌లు మాత్రమే చూస్తే సరి.

తప్పు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ క్లాసుల్లోనూ వీడియోల్లోనూ తెగ తిరుగుతోంది. విన్నవాళ్లు ఒక చిన్న ఉదాహరణ మీద పెట్టి చూస్తే అక్కడే తేలిపోయేది.

మనం పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లో రాతి గుట్టలకు కొదవ లేదు కదా, అలాంటి ఒక గుట్ట అనుకోండి. కింద సంపు ఉంది, అదే రూట్, `R` అందాం. గుట్ట మీద గుడి, నడుమ బడి, దిగువన బస్తీ. నీళ్లు మూడు చోట్లకూ చేరాలి. పల్లానికి పైపు వేస్తే చాలు, ఎత్తుకు ఎక్కించాలంటే మోటారు కూడా పెట్టాలి. అందుకే ఒకే దారికి పోను ఒక ఖర్చు, రాను ఇంకో ఖర్చు.

లక్షల్లో లెక్క ఇది. సంపు నుంచి నేరుగా బస్తీకి 8, బడికి 11, గుడికి 12. గుడి నుంచి బడికి దిగడానికి 2, బడి నుంచి గుడికి ఎక్కడానికి 9. బడి నుంచి బస్తీకి 2, బస్తీ నుంచి బడికి 7. గుడి నుంచి నేరుగా బస్తీకి 5, బస్తీ నుంచి గుడికి 14.

ప్రిమ్ ఏం చేస్తుంది? సంపు నుంచి బయటికి వెళ్లే వాటిలో చవకైనది బస్తీ, 8. అది తీసుకుంటుంది. ఇప్పుడు బడికి బస్తీ నుంచి 7, అదీ తీసుకుంటుంది. చివరికి గుడికి బడి నుంచి 9. మొత్తం 24. నీళ్లను దిగువకు తెచ్చి, అక్కణ్నుంచి మెట్టు మెట్టుకూ మోటారు పెట్టి ఎక్కించినట్టు.

అదే ముందు 12 పెట్టి నేరుగా గుడికి ఎక్కించేస్తే? గుడి నుంచి బడికి 2, బడి నుంచి బస్తీకి 2. మొత్తం 16. మొదటి అడుగులో 4 లక్షలు ఎక్కువ పెట్టినందుకు చివర్లో 8 మిగిలాయి. ప్రిమ్‌కు ఆ ముందుచూపు ఉండదు.

మరి దిశ లేని గ్రాఫ్‌లో ప్రిమ్ ఎందుకు తప్పు చేయదు? అక్కడ చేరిన నోడ్‌లకూ చేరని నోడ్‌లకూ మధ్య ఉన్న అతి చవక ఎడ్జ్‌ను అది లేని ఏ ట్రీలో కలిపినా ఒక సైకిల్ వస్తుంది. ఆ సైకిల్‌లో ఆ రెండు గుంపులనూ కలిపే ఇంకో ఎడ్జ్ ఉంటుంది, దాన్ని తీసేస్తే మిగిలింది మళ్లీ ట్రీయే, ఖర్చు పెరగదు. దిశ ఉన్నప్పుడు ఈ మార్పిడి కుదరదు. మన 16 లక్షల ప్లాన్‌లోకి సంపు-బస్తీ ఎడ్జ్‌ను తెచ్చి, సంపు నుంచి గుడికి వెళ్లే పైపును తీసేయండి. బస్తీకి రెండు వైపుల నుంచి నీళ్లొచ్చే పైపులు ఉంటాయి, గుడికి మాత్రం చుక్క రాదు. ఎడ్జ్‌ల లెక్క సరిపోయినా దిశ చెడింది. అర్బోరెసెన్స్ అంటే రూట్ తప్ప ప్రతి నోడ్‌కూ సరిగ్గా ఒక ఎడ్జ్ లోపలికి రావాలి, రూట్ నుంచి అన్నీ అందాలి. క్రుస్కల్ కూడా ఇదే కారణంతో పడిపోతుంది.

సరైన పద్ధతి 1965లో చూ, ల్యూ ఇచ్చారు. 1967లో ఎడ్మండ్స్ విడిగా అక్కడికే చేరారు. దాని కీలకం ఒక్కటే: బయటికి వెళ్లేవి కాదు, లోపలికి వచ్చేవి చూడాలి.

రూట్ కాని ప్రతి నోడ్‌కూ లోపలికి వచ్చే ఎడ్జ్‌లలో చవకైనది పట్టండి. గుడికి బడి నుంచి 9. బడికి గుడి నుంచి 2. బస్తీకి బడి నుంచి 2. సైకిల్ లేకపోతే ఇక్కడితో పని అయిపోయినట్టే. కానీ ఇక్కడ గుడి బడిని చూస్తోంది, బడి గుడిని చూస్తోంది. రెండూ ఒకదానికొకటి నీళ్లు ఇచ్చుకుంటున్నాయి, సంపు నుంచి ఎవరూ తేవడం లేదు.

ఇప్పుడు ఆ రెంటినీ కలిపి ఒకే నోడ్‌గా మూట కట్టండి. మూటలో ఇప్పటికే 9 + 2 = 11 పెట్టాం. బయటి నుంచి మూటలోకి వచ్చే ప్రతి ఎడ్జ్ ఖర్చు నుంచి, అది ఏ నోడ్‌కు వచ్చి తగులుతుందో ఆ నోడ్‌కు ముందు పట్టిన ఎడ్జ్ ఖర్చును తీసేయండి. బయటి నుంచి గుడికి పైపు వస్తే బడి నుంచి వచ్చే 9 లక్షల పైపు అక్కర్లేదు కదా, ఆ మిగులే ఈ తీసివేత. సంపు-గుడి 12 − 9 = 3. సంపు-బడి 11 − 2 = 9. బస్తీ-గుడి 14 − 9 = 5. బస్తీ-బడి 7 − 2 = 5. అన్నిట్లో చవక సంపు-గుడి, 3. బస్తీకి మూట నుంచి వచ్చే 2 అలాగే ఉంది. ఈసారి సైకిల్ లేదు. మొత్తం 11 + 3 + 2 = 16.

ఇక మూట విప్పాలి. కొత్త పైపు గుడికి వచ్చింది కాబట్టి గుడికి ముందు పట్టిన బడి-గుడి ఎడ్జ్ పోతుంది, గుడి-బడి నిలుస్తుంది. సొంతంగా కోడ్ రాసేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. మూట కట్టాక ఎడ్జ్ అసలు ఏ నోడ్‌కు తగిలిందో దాచుకోరు, విప్పేటప్పుడు తప్పు ఎడ్జ్ తీస్తారు. సైకిల్ లోపల ఇంకో సైకిల్ ఉండే గ్రాఫ్ మీద పెట్టి చూస్తే అది బయటపడుతుంది.

ఇప్పుడు మా అబ్బాయి 12 సంగతి. అతను వాడింది `scipy.sparse.csgraph.minimum_spanning_tree`. అది దిశ లేని గ్రాఫ్‌ల కోసం రాసింది. రెండు దిశలకు రెండు ఖర్చులు ఇస్తే తక్కువ ఉన్నదాన్ని తీసుకుంటుంది, హెచ్చరిక ఏమీ ఇవ్వదు. డాక్యుమెంటేషన్‌లో ఈ విషయం రాసే ఉంది, కానీ తొందరలో ఎవరు చదువుతారు? మన గుట్టలో అయితే అది సంపు-బస్తీ 8, బడి-బస్తీ 2, గుడి-బడి 2 పట్టుకుని 12 అంటుంది. ఆ గీతల మీదే సంపు నుంచి నీళ్లు నడిపించండి, బస్తీ నుంచి బడికి 7, బడి నుంచి గుడికి 9, మొత్తం 24. దిగే ఖర్చు రాసుకుని ఎక్కించే పని చేయబోయారు. మా అసలు ప్లాన్‌లో నోడ్‌లు చాలా ఉన్నాయి, ఇక్కడ అర్థం కావడానికి కుదించాను గానీ జరిగిన తప్పు అచ్చంగా ఇదే.

`networkx` కొంత నయం. దాని `minimum_spanning_tree`కు `DiGraph` ఇస్తే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ పోవాలని `to_undirected()` కొట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. రెండు దిశల ఖర్చులు వేరుగా ఉంటే ఏది మిగులుతుందో మీ చేతిలో ఉండదు. కావాల్సింది ఇది:

```python
T = nx.minimum_spanning_arborescence(G)
print(T.size(weight="weight"))
print(dict(T.in_degree()))
```

చివరి వరుసను వదలొద్దు. రూట్‌కు 0, మిగతా అన్నిటికీ 1 రావాలి. ఏ లైబ్రరీ నుంచి వచ్చిన జవాబుకైనా ఇదే మొదటి పరీక్ష. ఆ 12 లక్షల జవాబులో బస్తీకి 2, గుడికి 0 వచ్చేవి.

అపోహ: రూట్ ఏదైనా ఒకటే.

దిశ లేని ట్రీకి నిజం. ఇక్కడ కాదు. సంపును పక్కన పెట్టి మిగతా మూడే చూడండి. నీళ్లు గుడి దగ్గర ఉంటే 4 లక్షల్లో అయిపోతుంది, బస్తీ దగ్గర ఉంటే 16 కావాలి. పైన చెప్పిన `networkx` ఫంక్షన్ రూట్ ఏదని మిమ్మల్ని అడగదు, చవకగా పడేదాన్ని అదే ఎంచుకుంటుంది. మీ రూట్ ఖాయమైతే దాని లోపలికి వచ్చే ఎడ్జ్‌లన్నీ ముందే తీసేయండి.

అపోహ: డైక్‌స్ట్రా ఇచ్చే షార్టెస్ట్ పాత్ ట్రీ కూడా ఇదే.

కాదు. మన గుట్ట మీద అది మూడు చోట్లకూ సంపు నుంచే మూడు పైపులు వేస్తుంది, 31 లక్షలు.

అపోహ: గ్రాఫ్ కలిసి ఉంటే జవాబు తప్పక ఉంటుంది.

రూట్ నుంచి ప్రతి నోడ్‌కూ దిశ ప్రకారం దారి ఉంటేనే ఉంటుంది. ముందు ఒక బీఎఫ్ఎస్ నడపండి, అందని నోడ్ ఉంటే అక్కడే ఆగి డేటా చూసుకోండి.

అపోహ: నెగటివ్ ఖర్చులుంటే పనిచేయదు.

పనిచేస్తుంది. ఒక నోడ్‌లోకి వచ్చే అన్ని ఎడ్జ్‌లకూ ఒకే అంకె కలిపితే ప్రతి అర్బోరెసెన్స్ ఖర్చూ అంతే పెరుగుతుంది, ఎందుకంటే ప్రతిదానిలోనూ ఆ నోడ్‌కు ఒక ఎడ్జే వస్తుంది. కాబట్టి ఏది చవక అన్నది మారదు. మూట కట్టేటప్పుడు చేసిన తీసివేత చెల్లుబాటు కావడం వెనకా ఇదే ఉంది.

అపోహ: చాలా నెమ్మది, పెద్ద గ్రాఫ్‌లకు కుదరదు.

నోడ్‌లు n, ఎడ్జ్‌లు m అనుకుంటే, మామూలుగా రాస్తే O(nm). టార్జన్ 1977లోనే O(m log n) చూపించారు, 1986లో గాబో, గలిల్, స్పెన్సర్, టార్జన్ కలిసి O(m + n log n)కు తెచ్చారు.

ఆ రాత్రి ఫోన్‌లోనే ఫంక్షన్ మార్పించాను. పదకొండున్నరకు కొత్త అంకె వచ్చింది, 12 కన్నా ఎక్కువ, 24 కన్నా తక్కువ. అలాగే ఉండాలి. రెండు దిశల్లో చవకైనవి పట్టిన ట్రీ కన్నా ఏ అర్బోరెసెన్స్ కూడా చవకగా రాదు. "నా ఉద్యోగం పోతుందా అక్కా?" అని అడిగాడు. పోదు నాన్నా, ఈ ఫంక్షన్‌ను మా కోడ్‌లో మొదట పెట్టింది నువ్వు కాదు, నీకన్నా ముందు చూడాల్సిన వాళ్లం మేమున్నాం అని చెప్పాను. మర్నాడు ఇద్దరం కూర్చుని పాత రిపోర్టులన్నిటి మీదా ఆ `in_degree` పరీక్ష నడిపాం. ఇంకో రెండు దొరికాయి. రెండూ అతను చేరకముందు పంపినవి.