బుజ్జి వాళ్ళమ్మ ఓటు

ఓటర్ల జాబితాల గొడవ మళ్ళీ పైకొచ్చింది. ఎన్నికల సంఘం 2025 జూన్‌లో బీహార్‌లో ప్రత్యేక ముమ్మర సవరణ మొదలుపెట్టినప్పుడే, ఇది దేశమంతా చేస్తామని చెప్పింది. నవంబరు 4న మొదలైన రెండో విడతలో పుదుచ్చేరి ఉంది. పుదుచ్చేరి ఉందంటే అందులో భాగమైన యానాం ఉన్నట్టే. అలా గోదావరి డెల్టాలో ఈ సవరణ కోసం ఇంటింటికీ ఇచ్చే ఫారాలు ముందుగా అందుకున్నది గౌతమి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరే. ఫారాలు పట్టుకుని గుమ్మాల ముందు నిలబడే బూత్ అధికారి అడిగే మొదటి ప్రశ్న చాలా చిన్నది. "ఫలానా సత్యవతి గారు ఎవరండీ?" ఆ ప్రశ్నకి మా వైపు వీధుల్లో జవాబు ఎందుకు దొరకదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా దగ్గర పెద్దవాళ్ళని పిల్లల పేరు మీద పిలుస్తారన్నది ఇది చదివే అందరికీ తెలిసిందే. పండు వాళ్ళమ్మ, చిన్ని వాళ్ళ నాన్నగారు, బాబ్జీ వాళ్ళ మామ్మ. ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న ఈ అలవాటుకి ఎడ్వర్డ్ టైలర్ అనే ఇంగ్లండు పండితుడు 1889లో టెక్నానిమీ అని పేరు పెట్టాడు. గ్రీకులో టెక్నాన్ అంటే బిడ్డ. పుట్టుపూర్వోత్తరాలు అక్కడితో వదిలేసి, నాకు అసలు మలుపు అనిపించిన చోటికి వెళతాను. అది మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితా.

1951-52 ఎన్నికలకి జాబితాలు రాసిన గుమాస్తాలు ఇంటింటికీ తిరిగారు. ఉత్తరాదిలో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు పరాయి మగవాడికి సొంత పేరు చెప్పలేదు. గుమాస్తాలు విన్నది విన్నట్టు రాసుకున్నారు. ఫలానా వాడి తల్లి, ఫలానా వాడి భార్య. ఆ రాతలు చూసి అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. పేరు లేనిదే ఓటరు ఎవరో తేల్చలేమని, ఇలాంటి నమోదులు దిద్దాలని, పేరు చెప్పకపోతే కొట్టేయాలని ఆదేశాలు వెళ్ళాయి. బీహార్‌కి ఒక నెల గడువు పెంచారు. అక్కడ కొంత ఫలితం వచ్చింది. రాజస్థాన్‌లో పెద్దగా రాలేదు. చివరికి దేశంలోని సుమారు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది జాబితాలో లేకుండా పోయారు. దాదాపు అందరూ బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌ల వాళ్ళే.

సేన్ వాదన తీసిపారేసేది కాదు. "రాముడి తల్లి" అని ఒక ఊళ్ళో నలుగురు ఉంటే ఏ తల్లి వేసిందో బూత్‌లో తేల్చడం కష్టమే. సొంత పేరుతో ఓటు వేయడం ఆడవాళ్ళ హక్కు అన్నది కూడా నిజమే. కాకపోతే ఆ ఆదేశం వెనక ఒక నమ్మకం ఉంది. మనిషికి పేరు ఉంటుంది, చుట్టుపక్కల వాళ్ళకి అది తెలుసు, అడిగితే చెబుతారు, చెప్పకపోతే సిగ్గు వల్లే అని. జాబితా అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. మనిషిని గుర్తుపట్టడానికి ఈ ఫారాల్లో ఉండే గడులు తండ్రి, తల్లి, భర్త లేదా భార్య. బిడ్డ పేరు రాసే చోటు లేదు. మా వీధికి మనిషి తెలిసేదేమో బిడ్డ వల్ల.

ఆ 28 లక్షల్లో గోదావరి జిల్లాలు లేవు. అప్పుడు ఇవి మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. యానాం ఇంకా ఫ్రెంచి వాళ్ళ కింద ఉంది, ఆ ఎన్నికలు దానికి లేనేలేవు. మా ఆడవాళ్ళు పేరు దాచుకోలేదు, రాయించారు. అందువల్ల ఈ సమస్య మాది కాదని ఇక్కడి అధికారులు ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. మా దగ్గర పేరు కాగితం మీద భద్రంగా ఉంది. వీధిలో మాత్రం లేదు. ఉత్తరాదిలో కాగితం మీద లేక ఓటు పోతే, ఇక్కడ వీధిలో లేక పోతుంది.

ఎలాగో చెప్పాలంటే ఒక ఇంట్లోకి వెళ్ళాలి. యానాంలో కాపురముండే మా మేనత్త ఇల్లే చెబుతాను.

మేనత్త మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆ తరం నమ్మకం. పెళ్ళయిన కొత్తలో "ఏమండీ" తోనే సరిపెట్టుకుంది. కూతురు పుట్టింది. మా వైపు ఆచారం ప్రకారం ఆ పిల్లకి నాన్నమ్మ పేరు పెట్టారు, అంటే మేనత్తకి అత్తగారి పేరు. అత్తగారి పేరు పెట్టి "ఇలా రావే" అని పిల్లని కేకేయడం ఏ కోడలికి నోరాడుతుంది? అందుకని పిల్ల బుజ్జి అయింది. డెల్టాలో ఇంటికో బుజ్జి, చంటి, అమ్మలు, బేబీ, పండు ఉండడానికి ముద్దు ఒక్కటే కారణం కాదు. పెద్దల పేరు పిల్లలకి పెట్టి, ఆ పేరు పలకలేక ఇంకో పేరు వెతుక్కోవడం కూడా కారణమే.

బుజ్జి వచ్చాక ఇంట్లో పిలుపులన్నీ ఆ పిల్ల మీదుగానే నడిచాయి. మావయ్య పక్క గదిలోనే ఉంటాడు, మేనత్త వసారాలోంచి "బుజ్జీ, మీ నాన్నని అన్నానికి రమ్మనమ్మా" అంటుంది. బుజ్జి కదలక్కర్లేదు, ఆయనే లేచి వస్తాడు. ఆయనకి కాఫీ కావాలంటే వంటింటి వైపు చూసి "బుజ్జీ" అని కేకేస్తాడు. పలికేది మేనత్త. బుజ్జి బడికి వెళ్ళిన వేళ కూడా అంతే. పక్కింటావిడ గోడ మీంచి "బుజ్జి వాళ్ళమ్మగారూ, కాస్త చింతపండు ఉందా అండీ" అంటుంది. బుజ్జి అమ్మ అనకుండా "వాళ్ళమ్మ" అనడంలో మర్యాద ఉంది. ఎదురుగా పిలిస్తే చివర "గారూ" కూడా చేరుతుంది. పెళ్ళయిన ఆడమనిషిని పేరు పెట్టి పిలవకుండా, వరస తెలియకపోయినా గౌరవంగా పిలవడానికి ఇంతకంటే తేలికైన దారి మా వాళ్ళకి దొరకలేదు.

ఇక్కడ చూడండి. అధికారికీ మేనత్తకీ మధ్య రెండు పొరలున్నాయి. ఆవిడ సొంత పేరు మీద బుజ్జి వాళ్ళమ్మ అన్న పిలుపు కప్పుకుంది. ఆ పిలుపులో ఉన్న బుజ్జి కూడా కాగితం మీద పేరు కాదు. బుజ్జి ఆధార్‌లో ఏముందో పక్కింటావిడకి తెలియదు. అందువల్ల పిల్లల పేర్లు పట్టుకుని తల్లిని వెతుకుదామన్నా కాగితాల్లో దారి దొరకదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ బిడ్డ పేరు మీద పిలుస్తారన్నది పిలిచేవాళ్ళని బట్టి మారుతుంది. బంధువులకి సాధారణంగా పెద్దపిల్లే లెక్క. బడి దగ్గర పరిచయమైన వాళ్ళకి తమ పిల్లాడితో చదివే పిల్లాడు లెక్క. మేనత్త తన వీధిలో బుజ్జి వాళ్ళమ్మ, వెనక వీధిలో చంటి వాళ్ళమ్మ. పిల్లలు లేని ఆడవాళ్ళ సంగతి మరీ కష్టం. నలభై ఏళ్ళొచ్చినా మా ఊళ్ళో ఒకావిడని ఇంకా "చిన్నకోడలు" అనే అంటారు. ఆ ఇంట్లో ఆవిడ తర్వాత వచ్చిన కోడళ్ళందరికీ మాత్రం పిల్లల పేరుతో పిలుపు వచ్చేసింది. ఈ పిలుపుల్లో ఉన్న మర్యాద గురించి చెప్పేటప్పుడు ఆవిడ నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

అన్నవరం సత్యనారాయణస్వామి దయ వల్ల మా జిల్లాల్లో వీర వెంకట సత్య అని మొదలయ్యే పేర్లు వీధికి నాలుగుంటాయి. కాగితం మీద ఒకలాగే ఉండే మనుషుల్ని విడివిడిగా చూపించేది పిల్లల పేరు మీద పిలుపే. "ఏ సత్యవతి?" అంటే "రేవు దగ్గర, బుజ్జి వాళ్ళమ్మ" అంటే తేలిపోతుంది. సేన్ కాలంలో గుర్తింపుకి అడ్డమని కొట్టేసిన మాట మా వీధిలో గుర్తింపు ఇచ్చే మాట.

1990ల చివర్లో ఒక సవరణకి వచ్చిన ఉద్యోగి మేనత్త వీధిలో పేరు చదివి అడిగాడు. కిరాణా కొట్టు ఆయన తెలియదన్నాడు. పక్కింటావిడ, రోజూ గోడ మీంచి మాట్లాడే ఆవిడే, "ఆ పేరు గలావిడ ఈ వీధిలో లేదండీ" అంది. అబద్ధమాడలేదు, ఆ పేరు ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఆ సమయానికి మేనత్త పెరట్లో కూర్చుని చీపుళ్ళకి కొబ్బరి ఈనెలు చీరుతోంది. ఇల్లు మారినవాళ్ళ జాబితాలో పేరు చేరింది. ఓటుకి వెళ్ళినప్పుడు గానీ ఆవిడకి సంగతి తెలియలేదు. ఓటు నమోదుకి మళ్ళీ ఫారం 6 పెట్టింది 2009 ఎన్నికల ముందు.

మధ్యలో పోయిన ఆ పదేళ్ళే ఇప్పుడు మెడకి చుట్టుకున్నాయి. ఇప్పటి సవరణలో ఓటరు తన పేరో తల్లిదండ్రుల పేరో 2002-04 నాటి పాత జాబితాలో చూపించాలి. లేకపోతే కాగితాలు తేవాలి. మేనత్త పేరు అందులో లేదు. పాతికేళ్ళ కిందట ఒక వీధికి ఒక పేరు తెలియకపోవడం వల్ల వచ్చిన ఖాళీ అది. చివరికి మా ఊరి పాత జాబితాలో మా తాతగారి పేరు, ఇంటిపేరు సరిపోయాయి కాబట్టి బయటపడింది. పుట్టింట్లో ఎవరూ మిగలని వాళ్ళ సంగతి ఏమిటని అడిగితే ఆఫీసులో ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

ఆధార్ ఉంది కదా, పేర్లు అందరికీ తెలిసే రోజులు కదా అని అధికారుల వాదన. పిల్లల తరానికి అది నిజమే. మా వీధుల్లో పాతికేళ్ళ అమ్మాయిలు మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తున్నారు. కానీ 2002-04 నాటి జాబితాలో వెతకాల్సింది ఆ అమ్మాయిల్ని కాదు, వాళ్ళ అమ్మల్ని, మామ్మల్ని.

ఈసారి మేనత్త వీధికి వచ్చిన బూత్ అధికారి అంగన్‌వాడీ టీచరు. ఆ వీధి పిల్లల్లో సగం మందికి ఆవిడ చేతే గుడ్డు, పాలు. గుమ్మం దగ్గరకి వచ్చి ఫారంలో పేరు చదవలేదు, "బుజ్జి వాళ్ళమ్మగారూ, ఉన్నారా అండీ" అని పిలిచింది. మేనత్త చేతులు తుడుచుకుంటూ వచ్చాక అప్పుడు పేరు సరిచూసుకుంది. తన దగ్గరున్న జాబితాలో ఆ వరస నంబరు పక్కన పెన్సిల్‌తో ఏదో రాసుకుంటుంటే తొంగి చూశాను. "బుజ్జి వాళ్ళమ్మ, రేవు దగ్గర" అని ఉంది. ఫారంలో ఆ మాట రాయడానికి గడి లేదండీ, అందుకే ఇక్కడ రాసుకుంటున్నా అంది.