వివరణ వీడియోకు వ్యాఖ్యానం: రాతభాషా, మాటభాషా?

హైదరాబాదులో వివరణ వీడియోలకు వ్యాఖ్యానం రాసి, చదవడం నా వృత్తి. ఈ పనిలో తరచుగా వినే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: కఠినమైన సంస్కృత పదాలను తీసేస్తే రాతభాష మాటభాష అవుతుంది.

వాస్తవం: వినేవారిని ఇబ్బంది పెట్టేది పదం కన్నా వాక్యపు కట్టుబడి. ఇంకుడు గుంత గురించిన వీడియో కోసం నాకిచ్చిన పాఠంలో ఈ వాక్యం ఉంది: “భవనం పైకప్పుపై పడిన వర్షపు నీరు గొట్టం ద్వారా ఇంకుడు గుంతలోనికి మళ్ళించబడి, కంకర మరియు ఇసుక పొరల గుండా వడపోయబడి, భూమిలోనికి ఇంకింపజేయబడుతుంది.” మొదట నేను “భవనం పైకప్పు”ను “మిద్దె” అనీ, “వర్షపు నీరు”ను “వాన నీళ్లు” అనీ మార్చి చదివాను, వాక్యపు బరువు ఏమాత్రం తగ్గలేదు. తెలుగులో సమాపక క్రియ చివర వస్తుంది కాబట్టి, తెరపై నీళ్లు గొట్టం దాటి, కంకర దాటి, నేలలో కలిసిపోయిన తరువాత కూడా ప్రేక్షకులు వాక్యం ముగింపు కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. పుస్తకంలోనైతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటారు. వింటున్నప్పుడు ఆ వీలు ఉండదు.

చివరకు ఇలా విడదీశాను: “మిద్దె మీద పడిన వాన నీళ్లు పైపులోంచి గుంతలోకి వస్తాయి. గుంతలో కంకర, ఇసుక పొరలుగా ఉంటాయి. మురికి అక్కడే ఆగిపోతుంది. మిగిలిన నీళ్లు మెల్లగా నేలలోకి ఇంకుతాయి.” ఇందులో నాలుగు సమాపక క్రియలు ఉన్నాయి, ఒక్కొక్కటి దానికి సంబంధించిన దృశ్యం కదులుతున్నప్పుడే వినిపిస్తుంది. “బడు” ప్రయోగాలన్నీ వాటంతటవే తొలగిపోయాయి. ఇలా విడదీసినప్పుడు చదివే సమయం మారుతుంది కనుక, దృశ్యాల నిడివి ఖరారు కాకముందే గొంతు రికార్డు చేసి చూసుకోవడం అవసరం.

అపోహ: మాటభాష అంటే నోటికి వచ్చినట్లు చెప్పడం.

వాస్తవం: నిజమైన సంభాషణలో సగంలో ఆగిన వాక్యాలు, మాటిమాటికీ వచ్చే “అన్నమాట”లు ఉంటాయి. వ్యాఖ్యానంలో అవి చికాకు కలిగిస్తాయి. అందుకే మాటభాషను కూడా ముందే రాసుకుంటాను. “భూగర్భజలం” వంటి పదాన్ని తీసేయను; “నేల కింది నీళ్లు, అంటే భూగర్భజలం” అని ఒకసారి పరిచయం చేసి, ఆపైన అదే పదం వాడతాను.

అపోహ: “ఎలా” శుద్ధం, “ఎట్ల” అశుద్ధం.

వాస్తవం: రెండూ మాటభాషే. నగరంలోని బస్తీవాసుల కోసం చేసే వీడియోలో “ఎట్ల”, “ఇంకుతయి” సహజంగా వినిపిస్తాయి. రెండు రాష్ట్రాలవారి కోసమైతే నేను “ఎలా”, “ఇంకుతాయి” ఎంచుకుంటాను. అసలు దోషం కలగాపులగం చేయడం. ఒకసారి రెండు రోజుల్లో రికార్డు చేసిన వ్యాఖ్యానంలో మొదటి సగం ఒక రకంగా, రెండో సగం మరో రకంగా వచ్చాయి. చూస్తూ విన్నప్పుడు నాకు తెలియలేదు; కళ్లు మూసుకొని విన్నప్పుడు వెంటనే తెలిసింది, రెండో సగం మళ్లీ చదవవలసి వచ్చింది.

అపోహ: వీడియోలో రాతభాషకు చోటు లేదు.

వాస్తవం: ఒక నిబంధననో చట్టంలోని వాక్యాన్నో ఉటంకించేటప్పుడు మాట మారితే అర్థం మారవచ్చు. అప్పుడు దాన్ని తెరపై ఉన్నది ఉన్నట్లుగా చూపి, అలాగే చదివి, కాస్త ఆగి, “అంటే” అని మొదలుపెట్టి మాటభాషలో వివరిస్తాను.