జరిమానా నోటీసు ఫొటో చదవడం: అపోహలు – వాస్తవాలు

బండి ఇంట్లో ఒకరి పేరు మీద ఉంటుంది, నడిపేది మరొకరు. అందుకే ట్రాఫిక్ నోటీసు చాలాసార్లు కొత్త డ్రైవర్‌కి వాట్సాప్ ఫొటోగానే చేరుతుంది. తంటా అంతా అక్కడే మొదలవుతుంది.

అపోహ: కోడ్ అన్నా సెక్షన్ అన్నా ఒకటే.

కాదు. కోడ్ అనేది తప్పును కంప్యూటర్లో నమోదు చేసుకోవడానికి వాడే గుర్తు. ఏ నిబంధన మీరారో చెప్పేది సెక్షన్. ఒక్కోసారి సెక్షన్లు రెండు ఉంటాయి: మన మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ పెట్టుకోవాలని చెప్పేది 129, పెట్టుకోకపోతే శిక్ష చెప్పేది 194డి. రెండూ కనిపించాయని రెండు తప్పులు రాశారనుకోకండి.

ఫొటోలో బ్రాకెట్లు మసకబారితే 12(3) కాస్తా 123లా కనిపిస్తుంది. అది 12వ సెక్షన్‌లో 3వ ఉపవిభాగం. 123 పూర్తిగా వేరే సంగతి. కోడ్‌లో 8ని B అనీ, 0ని O అనీ చదివేయడం మామూలే. పక్కన మాటల్లో రాసిన తప్పు వివరణతో సరిపోల్చండి. పొంతన కుదరకపోతే మీరు చదివిందే తప్పు కావచ్చు. ఫొటోను డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి, అప్పుడు అక్షరాలు నలగవు. కాగితం నాలుగు అంచులూ, వెనక వైపు కూడా పడాలి. గడువు షరతులు తరచూ వెనకే ఉంటాయి.

అపోహ: గడువు నేను ఫొటో చూసిన రోజు నుంచి మొదలవుతుంది.

కొత్తవాళ్లకి ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. నోటీసు మీద కనీసం రెండు తేదీలుంటాయి: తప్పు జరిగినది, నోటీసు జారీ అయినది. గడువు దేన్నుంచి లెక్కించాలో గడువు రాసిన వాక్యంలోనే ఉంటుంది. కొన్నిచోట్ల నోటీసు అందిన రోజు నుంచి అని కూడా రాస్తారు, అయితే అందడమంటే బండి యజమానికి, మీ ఫోన్‌కి కాదు.

ఉదాహరణకు తప్పు 30-05, జారీ 12-06, గడువు 28 రోజులు అనుకుందాం. 12-06 జూన్ 12వ తేదీయా, డిసెంబరు 6వ తేదీయా? పైన 30-05 ఉంది కదా, 30వ నెల లేదు కాబట్టి ముందున్నది రోజే. ఇక లెక్క: ‘జారీ తేదీతో కలిపి’ అని ఉంటే జూలై 9 ఆఖరు, ‘జారీ తేదీ తర్వాత’ అని ఉంటే జూలై 10. తేడా ఒక్కరోజే, కానీ కట్టాల్సిన మొత్తం మారిపోవచ్చు. ఎటూ తేలకపోతే ముందు తేదీనే పట్టుకోండి. తగ్గింపు గడువు, అసలు గడువు విడివిడిగా ఉంటే రెండూ రాసుకోండి.

అపోహ: ఫొటోలోని లింకు నొక్కి కట్టేస్తే పనైపోతుంది.

నకిలీ నోటీసులు అచ్చం ఇలాగే తిరుగుతుంటాయి. అధికారిక సైటు చిరునామా మీరే టైపు చేసి, నోటీసు నంబరు, బండి నంబరు కొట్టండి. అక్కడ వచ్చే తేదీ, స్థలం, తప్పు ఫొటోలో ఉన్నవాటితో కలిస్తేనే డబ్బు కట్టండి. కలవకపోతే కట్టకుండా అభ్యంతరం పెట్టండి, అదీ గడువులోపే. జరిమానా కట్టాక తప్పు ఒప్పుకున్నట్టే లెక్కేసే చోట్లు చాలా ఉన్నాయి.