జపాన్‌లో చావింటి కవరుకు సగం తిరిగి ఎందుకొస్తుంది?

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. ఆఫీసులో బాగా దగ్గరి మనిషి తండ్రి పోయాడని, నలుపు తెలుపు దారం చుట్టిన కవరులో 10,000 యెన్లు పెట్టి ఇస్తాం. నెలన్నర దాటాక ఇంటికి ఒక పార్సిల్ వస్తుంది, అందులో 5,000 యెన్లు విలువచేసే టీ డబ్బాలు, పైన మడతపెట్టిన ఒక ఉత్తరం. మనమిచ్చిన డబ్బును కోడెన్ అంటారు, తిరిగొచ్చినదాన్ని కోడెన్‌గాయెషి అంటారు. సాయంగా ఇస్తే లెక్క తేల్చేశారేంటని మనసు చివుక్కుమంటుంది కానీ, దీని వెనకున్న చరిత్ర తెలిస్తే అలా అనిపించదు.

పాతరోజుల్లో పల్లెల్లో కోడెన్ అంటే డబ్బు కాదు, ఎక్కువగా బియ్యం. చావు జరిగిన ఇంట్లో బంధువులకు, పాడె మోసేవాళ్లకు, గొయ్యి తవ్వేవాళ్లకు అన్నం పెట్టాలి, అంత బియ్యం ఒక్క ఇంట్లో ఉండదు. అందుకే ఊరు మొత్తం తలా కొంత తెచ్చి ఇచ్చేది. బియ్యం, కూరగాయలు, కొవ్వొత్తులు, అగరుబత్తీలు ఇలా ఎవరేం తెచ్చారో కోడెన్‌చో అనే పుస్తకంలో పేరుపేరునా రాసిపెట్టేవాళ్లు. మన పెళ్లిళ్లలో చదివింపులు నోట్‌బుక్‌లో రాసుకుంటాం చూడండి, అదే పద్ధతి. తెచ్చిచ్చినవాళ్లలో ఎవరింట్లోనైనా చావు జరిగినప్పుడు ఈ పుస్తకం తీసి, వాళ్లు ఇచ్చినంత వీళ్లు ఇచ్చేవాళ్లు. అంటే తిరిగి ఇవ్వడం అప్పుడూ ఉంది, కాకపోతే దానికి పదేళ్లు పట్టొచ్చు, ఇరవయ్యేళ్లు పట్టొచ్చు.

ఈ ఏర్పాటు నిలవాలంటే జనం తరతరాలు ఒకే ఊళ్లో ఉండాలి. పట్నాలు పెరిగి, బియ్యం పోయి డబ్బు కవర్లు వచ్చి, కవరు ఇచ్చినవాడు రేపు ఏ ఊళ్లో ఉంటాడో తెలియని రోజులు వచ్చాక ఎదురుచూసే వీలు తగ్గింది. వస్తువు వెంటనే పంపడం అంతగా పాతుకుపోవడానికి అదే పెద్ద కారణమని నా నమ్మకం. సగం మాత్రమే పంపడంలో కూడా అర్థముంది. మొత్తం తిరిగిస్తే సాయాన్ని తిప్పికొట్టినట్టు అవుతుంది, అందుకని సగం కర్మ ఖర్చులకు ఉంచుకుంటారు. పెద్ద మొత్తం ఇచ్చిన దగ్గరి బంధువులకైతే మూడో వంతు పంపినా ఎవరూ తప్పుపట్టరు.

ఈ ఖర్చు తగ్గించాలని ప్రభుత్వం వైపు నుంచి కూడా ప్రయత్నాలు జరిగాయి. 1920లో జీవన సంస్కరణ సమాఖ్య ఏర్పడింది, 1955లో హతోయామా ప్రభుత్వం నూతన జీవన ఉద్యమం మొదలుపెట్టింది. ఆడంబరం వద్దు, కవరులో తక్కువ పెట్టండి, తిరుగు కానుక మానేయండి అని ప్రచారం. చాలాచోట్ల అది నిలవలేదు. గున్మా ప్రాంతంలో మాత్రం ఇప్పటికీ కొన్ని అంత్యక్రియల దగ్గర "నూతన జీవనం" అని విడిగా ఒక బల్ల కనిపిస్తుంది. అక్కడ చిన్న మొత్తం ఇచ్చేవాళ్లు కానుక ఆశించరు.

ఇక ఉత్తరం సంగతి. పంపేది కర్మ చేసిన వ్యక్తి, సాధారణంగా 49వ రోజు దాటాక. అందులో ఉండే విషయం దాదాపు ఇదే: మా నాన్నగారు పోయినప్పుడు మీరు చూపిన ఆదరణకు కృతజ్ఞతలు, 49వ రోజు కర్మ పూర్తయింది, గుర్తుగా చిన్న వస్తువు పంపుతున్నాం, స్వయంగా వచ్చి చెప్పాల్సింది ఉత్తరంతో సరిపెడుతున్నందుకు మన్నించండి. వాతావరణం గురించి మామూలుగా రాసే పలకరింపు ఉండదు. "మళ్లీ మళ్లీ" లాంటి మాటలు రాయరు, చావు మళ్లీ రాకూడదు కదా. కామా, ఫుల్‌స్టాప్ కూడా పెట్టరు. కర్మ ఎక్కడా ఆగకుండా సాగిపోవాలని అలా చేస్తారంటారు. కుంచెతో రాసిన పాత ఉత్తరాల్లో అసలు ఆ గుర్తులే ఉండేవి కావు, ఆ అలవాటే ఇక్కడ మిగిలిందన్నది మరో వివరణ.

వస్తువుల్లో టీ, నోరి అనే ఎండబెట్టిన సముద్రపు నాచు, చక్కెర, సబ్బు లాంటివి ఎక్కువ. వాడితే అయిపోవాలి, దుఃఖం ఇంట్లో నిలిచిపోకూడదు. చేపలు, మాంసం పంపరు. ఆఫీసులో పదిమంది తలా 1,000 వేసి ఒకే కవరు ఇస్తే, విడివిడిగా చుట్టిన మిఠాయిల పెట్టె ఒకటి పంపితే చాలు, అందరూ పంచుకుంటారు.

అందుకున్నవాళ్లు దీనికి మళ్లీ కృతజ్ఞతలు రాయకూడదు, అది చావుకు థ్యాంక్స్ చెప్పినట్టు అవుతుంది. "అందింది, మీరు జాగ్రత్త" అని ఒక మాట చెబితే చాలు.

ఇప్పుడు చాలాచోట్ల కవరు ఇచ్చిన రోజే వస్తువు చేతిలో పెట్టేస్తున్నారు. కవరు విప్పకముందే ఇస్తారు కాబట్టి అందరికీ ఒకే సంచి, సుమారు 3,000 యెన్లది, లోపల అచ్చు వేయించిన ఉత్తరం. తర్వాత లెక్క చూస్తే ఎవరో 30,000 పెట్టి ఉంటారు. వాళ్లకు తక్కువైన మేరకు 49వ రోజు తర్వాత మరో పార్సిల్, మరో ఉత్తరం పంపుతారు. ఆత్మీయులకే పరిమితమైన చిన్న అంత్యక్రియలు పెరిగి, అసలు కోడెనే వద్దని ముందే చెప్పే కుటుంబాలు కూడా ఎక్కువయ్యాయి.