చీటీ ఎప్పుడు ఎత్తితే ఎంత వడ్డీ? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఒక రిజిస్టర్డ్ చీటీల ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పాటలు నడిపిస్తున్నాను. జూన్, జులై వచ్చిందంటే వేరుశనగ విత్తనాలకూ పిల్లల ఫీజులకూ డబ్బు కావాల్సినవాళ్లంతా ఒకేసారి పాటకు కూర్చుంటారు. అప్పుడు ఎక్కువగా వినపడే మాటలు ఇవి.

అపోహ: ముప్పై వేలు తగ్గించి పాడితే ఆ ముప్పై వేలూ కంపెనీకే పోతాయి.

పోవు. లక్ష రూపాయల చీటీ తీసుకుందాం: 20 మంది, నెలకు 5,000, 20 నెలలు. కమిషన్ 5 శాతం అనుకుందాం. 2019 సవరణ తర్వాత చిట్ ఫండ్స్ చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది కాబట్టి మీ ఒప్పందంలో ఎంత రాశారో చూసుకోండి. మూడో నెలలో ఒకరు 30,000 తగ్గించి పాడారు. వాళ్ల చేతికి 70,000 వస్తుంది. వదులుకున్న 30,000లో కమిషన్ 5,000 పోను, మిగిలిన 25,000 పాడినవాళ్లతో సహా ఇరవై మందికీ 1,250 చొప్పున పంచుతాం. ఆ నెల అందరూ 5,000కు బదులు 3,750 కడితే చాలు. డివిడెండ్ అంటే ఇదే. ఆ డబ్బు అవసరంలో ఉన్న తోటి సభ్యుడి జేబులోంచి వచ్చింది, ఇది మరిచిపోవద్దు.

అపోహ: ముందు ఎత్తినా చివర ఎత్తినా ఒకటే, అందరం కట్టేది సమానమే కదా.

కట్టేది సమానమే, వచ్చేది కాదు. అదే చీటీని చివరిదాకా నడిపి చూద్దాం. మొదటి నెల చీటీ నడిపే ఫోర్‌మన్ తన చీటీ తీసుకుంటాడు, తగ్గింపు ఉండదు. రెండు నుంచి ఐదు నెలల్లో పాట 30,000 దగ్గర, పదో నెల దాకా 25,000 దగ్గర, పదిహేనో నెల దాకా 18,000 దగ్గర, పంతొమ్మిదో నెల దాకా 10,000 దగ్గర ఆగిందనుకోండి. డివిడెండ్లు పోను ఒక్కో సభ్యుడు మొత్తం కట్టేది 85,750.

చివరి నెల ఎత్తినవాళ్లకు పాడేవాళ్లు ఎవరూ మిగలరు, కమిషన్ పోను 95,000 వస్తుంది. అంటే 9,250 లాభం. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు సుమారు రూపాయి ఇరవై పైసల వడ్డీ. మూడో నెల 70,000 ఎత్తినవాళ్లు 15,750 ఎక్కువ కట్టినట్టు. కానీ ఆ 70,000లో వాళ్లు అప్పటికే కట్టిన 12,500 కూడా ఉంది, అసలు అప్పు 57,500 మాత్రమే. అందుకే నెలకు వడ్డీ నూటికి రెండున్నర రూపాయలు దాటుతుంది. బయట రెండు రూపాయల వడ్డీకి నమ్మకంగా అప్పు పుట్టే మనిషి మూడో నెలలో ఈ పాట పాడటం తప్పు. మూడు రూపాయలకు తప్ప పుట్టని మనిషికి ఇది మేలే. పాటకు వచ్చేముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.

అపోహ: పాట గెలిస్తే మర్నాడే డబ్బు.

జామీను ఇచ్చాకే. ఎత్తినవాళ్లు మిగతా నెలలు కట్టకపోతే నష్టం మిగతా సభ్యులకు కాబట్టి జీతగాళ్ల జామీనో, ఆస్తి కాగితాలో అడుగుతాం. డబ్బుకు గడువుంటే జామీనుదారులను ముందే మాట్లాడి పెట్టుకోండి.

అపోహ: మా వీధిలో పదేళ్ల నుంచి నడుపుతున్నాడు, రిజిస్ట్రేషన్ ఎందుకు?

పాతూరు నుంచి ఒకామె నోటు పుస్తకం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. పై లెక్కలాంటి చీటీకే పదమూడు నెలలు కట్టారు. పద్నాలుగో నెలలో పాడుకున్నారు, డబ్బు మాత్రం "వచ్చే వారం అక్కా" అంటూ రెండు నెలలు సాగింది. తర్వాత ఫోన్ ఆగిపోయింది. పుస్తకం తిరగేస్తే, మొదటి నెలల్లో చీటీ ఎత్తిన ఐదుగురిలో ముగ్గురు నడిపేవాడి బంధువులే. కొత్త చీటీ వసూళ్లతో పాత చీటీకి కడుతూ వచ్చాడు. కొత్త సభ్యులు తగ్గగానే అన్నీ ఒకేసారి ఆగాయి.

రిజిస్టర్ అయిన చీటీలో, మొదలుపెట్టే ముందే ఫోర్‌మన్ చిట్ రిజిస్ట్రార్ దగ్గర అనుమతి తీసుకుని సెక్యూరిటీ పెట్టాలి. ప్రతి పాటకూ మినిట్స్ రాసి రిజిస్ట్రార్‌కు పంపాలి. తగాదా వస్తే అక్కడే విచారణ జరుగుతుంది. అయినా నష్టం రాదని కాదు, బ్యాంకు డిపాజిట్‌కున్న బీమా చీటీకి లేదు. ఆమెకైతే రిజిస్ట్రార్ దగ్గర ఫైలే లేదు.

ముందే పసిగట్టడానికి రెండు గుర్తులు చెప్తాను. పాడినవాళ్లకు డబ్బు ఆలస్యం అవుతోందా అని గత రెండు నెలల్లో ఎత్తినవాళ్లను నేరుగా అడగండి. పాట రోజున వెళ్లి, మినిట్స్ పుస్తకంలో పాడినవాళ్ల పేర్లు, సంతకాలు చూడండి. "ఎందుకమ్మా నీకు, నమ్మకం లేదా" అని పుస్తకం చూపించకపోతే తర్వాతి నెల కట్టే ముందు రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఆ చీటీ నంబరు ఉందో లేదో కనుక్కోండి.