కొలెస్ట్రాల్ బిళ్ళ మీద మగవాళ్ళ అనుమానం

గుండె డాక్టరు రాసిచ్చిన అటోర్వాస్టాటిన్‌ను నెల తిరక్కుండానే మానేసే మగవాళ్ళు కొందరుంటారు. ఎందుకు మానేశారంటే ఒళ్ళునొప్పులనో, గ్యాసనో చెబుతారు. అసలు కారణం పడకగదిది. దాన్ని డాక్టరుతోనే కాదు, భార్యతో కూడా మాట్లాడరు.

బిళ్ళ వల్ల అంగస్తంభన తగ్గుతుందన్న ఆ అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. టెస్టోస్టిరాన్ తయారయ్యేది కొలెస్ట్రాల్ నుంచే. కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తే హార్మోను కూడా తగ్గదా అనిపించడం సహజం. కానీ అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ తగ్గించే మందు, అంటే స్టాటిన్, ప్రధానంగా పనిచేసేది కాలేయంలో. వృషణాల్లోని కణాలు తమకు కావలసిన కొలెస్ట్రాల్‌ని కొంత సొంతంగా తయారుచేసుకుంటాయి, కొంత రక్తంలోంచి తీసుకుంటాయి. హార్మోను కొలిచిన పరీక్షల్లో తగ్గుదల కనిపించింది గానీ, అది అంగస్తంభనను దెబ్బతీసేంత పెద్దది కాదు. పైగా స్తంభన ముఖ్యంగా రక్తప్రసరణకు సంబంధించిన పని.

మరి బిళ్ళ వేసుకున్నాక పట్టు తగ్గిందని చెప్పేవాళ్ళంతా అబద్ధమాడుతున్నారా? కాదు. దీనికి మంచి జవాబు ఆస్కాట్ అనే పెద్ద పరీక్షలో దొరికింది. బ్రిటన్, ఐర్లండ్, స్కాండినేవియా దేశాల్లో బీపీ ఉన్న పదివేల మందికి పైగా మనుషుల్లో సగంమందికి 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్, మిగతా సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఆ రోజుల్లో నమోదైన ఫిర్యాదులను 2017లో ప్రత్యేకంగా విడదీసి చూశారు. అంగస్తంభన సమస్య రెండు గుంపుల్లోనూ ఉంది. స్టాటిన్ గుంపులో ఎక్కువేమీ లేదు. నడివయసు దాటాక, బీపీ ఉన్నవాళ్ళలో అది ఎలాగూ వచ్చేదే. బిళ్ళ కూడా అదే వయసులో మొదలవుతుంది కాబట్టి నేరం దాని మీద పడుతుంది.

భయం కూడా తన వంతు పని చేస్తుంది. 2003లో ఇటలీలో అటెనోలాల్ అనే బీపీ మందుతో చేసిన ప్రయోగం చూడండి. ఏం మందో చెప్పకుండా ఇస్తే వందకు ముగ్గురే స్తంభన సమస్య చెప్పారు. మందు పేరూ, ఈ ఇబ్బంది రావచ్చన్న సంగతీ రెండూ ముందే చెప్పి ఇస్తే ఆ సంఖ్య 31 అయింది. మందు ఒకటే, మారింది రోగికి తెలిసిన సంగతి మాత్రమే.

ఇక అసలు కథ రక్తనాళాల్లో ఉంది. అంగానికి రక్తం తెచ్చే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పుంటాయి. గుండెవి మూడు నాలుగు. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఎక్కువై నాళాల లోపొర దెబ్బతింటే, సన్నటి నాళం ముందు ఇబ్బంది చూపిస్తుంది. గుండెనొప్పికి రెండు మూడేళ్ళ ముందే స్తంభన తగ్గడం అందుకే. ఆ లోపొర విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ కండరాన్ని సడలిస్తేనే రక్తం లోపలికి చేరుతుంది. స్టాటిన్ ఎల్‌డీఎల్‌ని తగ్గించి ఆ పొర కోలుకోవడానికి వీలిస్తుంది. పేరుకున్న కొవ్వు కరిగిపోయేదాకా ఆగక్కర్లేదు.

2014లో స్టాటిన్ల మీద జరిగిన పదకొండు పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, స్తంభన ఎలా ఉందో అడిగే 25 మార్కుల ప్రశ్నావళిలో సగటు స్కోరు 14 నుంచి 17.4కి పెరిగింది. వయాగ్రా ఇచ్చేంత లాభం కాదు, కానీ తెలిసేంత మార్పే. అయితే అవి చాలావరకు చిన్న పరీక్షలు. హోప్-3 అనే పెద్ద పరీక్షలో 55 దాటిన మగవాళ్ళకు దాదాపు ఆరేళ్ళు రోసువాస్టాటిన్ ఇస్తే మేలూ కనబడలేదు, కీడూ కనబడలేదు. నాకు అర్థమైనంతలో, సమస్య నాళాల నుంచి మొదలైనవాళ్ళకే లాభం ఎక్కువ. ఏళ్ళ తరబడి షుగరుతో నరాలు పాడైనవాళ్ళకు ఈ బిళ్ళ ఒక్కటే పెద్దగా చేసేదేమీ లేదు.

52 ఏళ్ళ మనిషి ఒకాయన ఉన్నాడనుకుందాం. షుగరు, బీపీ, కొత్తగా స్టాటిన్. డాక్టరు మొదట అడగాల్సింది ఇబ్బంది ఎప్పుడు మొదలైందని. బిళ్ళకు ఏడాది ముందే మెల్లగా మొదలై ఉంటే బిళ్ళ నిర్దోషి. ఉన్నట్టుండి మొదలై, తెల్లవారుజామున మాత్రం స్తంభన మామూలుగానే ఉంటే దిగులు, భయం వైపు చూడాలి. తర్వాత మిగతా బిళ్ళలు. ఆయన బీపీకి మెటోప్రొలాల్ వాడుతుంటే దాని బదులు నెబివొలాల్ ఇవ్వచ్చేమో ఆలోచిస్తారు. మూడు నెలల సగటు షుగరు, పొద్దుటి టెస్టోస్టిరాన్ పరీక్ష చేయిస్తారు. అయినా స్టాటిన్ మీదే అనుమానం ఉంటే, డాక్టరు చెప్పినన్ని వారాలు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి చూడొచ్చు. ఆపితే తగ్గి, వేస్తే మళ్ళీ వస్తే మరో రకం స్టాటిన్‌కి మారుస్తారు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళూ, స్టెంటు పడినవాళ్ళూ మాత్రం ఈ ప్రయోగం సొంతంగా చేయకూడదు.

వయాగ్రా లాంటివి స్టాటిన్‌తో కలిపి వాడొచ్చు. కలవకూడనిది నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్‌తో, అదే రకం నైట్రేట్ మందులతో. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. అందుకే మందుల షాపులో గుట్టుగా కొనుక్కోవడం కంటే, గుండె డాక్టరుకు ఈ సంగతి నోరు తెరిచి చెప్పడమే తేలిక.